పెద్దక్షరాల గుంపులో తప్పిపోయిన పేరు

పెళ్లి కార్డులో తెలుగు పేజీ హాయిగా చదువుకుంటాం. ఇంగ్లిష్ పేజీ తిప్పగానే వధూవరుల పేర్ల దగ్గర చాలాసార్లు కళ్లు తడబడతాయి. బంగారు రంగులో మెలికలు తిరిగిన గీతలు, చుట్టుకున్న కొక్కేలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన తోకలు కనిపిస్తాయి. పేరు మాత్రం వెంటనే అందదు. కింద ఉన్న తల్లిదండ్రుల పేర్లు చూసి "ఓహో, లక్ష్మి పెళ్లా" అనుకుంటాం. అదే కార్డులో, అదే ఫాంటులో కొట్టిన ఊరి పేరు చూడగానే చదివేస్తాం. ఫాంటు ఒకటే, సైజూ ఇంచుమించు ఒకటే. ఊరి పేరులో మొదటి అక్షరం మాత్రమే పెద్దది. పెళ్లికూతురి పేరేమో LAKSHMI అని మొదటి నుంచి చివరి దాకా పెద్ద అక్షరాలే.

ఇది శుభలేఖలకే పరిమితం కాదు. బడిలో ఇచ్చే ప్రశంసాపత్రాల మీద, సన్మాన జ్ఞాపికల మీద, దుకాణాల బోర్డుల మీద, ముంజేతి పచ్చబొట్ల మీద ఇదే చూస్తాం. రెండు రకాల ఫాంట్లలో ఇది మరీ ఎక్కువ. ఒకటి స్క్రిప్ట్ తరహా, అంటే కలం ఎత్తకుండా రాసినట్టుండే గొలుసుకట్టు రాత. రెండోది బ్లాక్‌లెటర్, అంటే పాత యూరప్ చేతిరాత పుస్తకాల్లో కనిపించే కోసుగా విరిగిన నల్లటి అక్షరాలు. కంప్యూటర్‌లో ఓల్డ్ ఇంగ్లిష్ పేరుతో మన డీటీపీ వాళ్లందరికీ తెలిసింది ఇదే. రెండూ అందమైనవే. రెండింటినీ వందల ఏళ్లపాటు కోట్లమంది ఇబ్బంది లేకుండా చదివారు. అన్నీ క్యాపిటల్స్‌లో కొట్టినప్పుడు మాత్రమే అవి మొరాయిస్తాయి. ఎందుకన్నది తెలియాలంటే ఆ పెద్ద అక్షరాలను మొదట ఏ పని కోసం గీశారో చూడాలి.

మన తెలుగులో పెద్ద, చిన్న అనే రెండు జతలు లేవు. వాక్యం మొదట్లో వచ్చినా మధ్యలో వచ్చినా "క" ఒకటే. రోమన్ లిపికి మాత్రం రెండు జతలున్నాయి, వాటి పుట్టుక కూడా వేర్వేరు. పెద్ద అక్షరాలు ముందు పుట్టాయి. క్రీ.శ. 113లో రోమ్‌లో నిలబెట్టిన ట్రాజన్ స్తంభం అడుగున చెక్కిన శాసనమంతా పెద్ద అక్షరాలే. ఒక్క చిన్న అక్షరం కూడా ఉండదు, అప్పటికి అవి లేవు. అయినా ఆ శాసనం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. కారణం, ఆ అక్షరాలను పక్కపక్కన నిలబెట్టడానికే గీశారు. నిలువు గీత, అడ్డ గీత, ఏటవాలు గీత, వృత్తం, ఇంతే వాటి సరుకు. చిన్న అక్షరాలు తర్వాతి శతాబ్దాల్లో కలం వేగం నుంచి వచ్చాయి. ఎనిమిదో శతాబ్దం చివర్లో షార్లమేన్ చక్రవర్తి ఏలుబడిలో అవి ఒక క్రమమైన రూపానికి చేరాయి. ఆ తర్వాత పుస్తకాల్లో పాఠమంతా చిన్న అక్షరాలే మోశాయి. పెద్ద అక్షరం అధ్యాయం మొదట్లోనో వాక్యం మొదట్లోనో ఒంటరిగా నిలబడే గుర్తు అయింది.

ఒంటరిగా నిలబడే అక్షరాన్ని అలంకరించడానికి అడ్డేమీ లేదు. పక్కనున్నవి సాదాగా ఉన్నాయి గనుక ఇది ఎంత సింగారించుకున్నా పాఠం దెబ్బతినదు. గుటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో అచ్చేసిన బైబిల్ చూడండి. పేజీకి రెండు నిలువు వరసలు, చాలా పేజీల్లో వరసకు 42 పంక్తులు, అన్నీ బ్లాక్‌లెటర్‌లో. అధ్యాయాల మొదట్లో మాత్రం ఆయన ఖాళీ వదిలేశాడు. పుస్తకం కొన్నవాళ్లు ఆ ఖాళీల్లో రంగులతో, బంగారంతో పెద్ద అక్షరాలు రాయించుకునేవారు. యంత్రం పని యంత్రానికి, చిత్రకారుడి పని చిత్రకారుడికి. పెద్ద అక్షరాన్ని బొమ్మలా చూసే ఆ అలవాటు తర్వాత సీసపు అచ్చుల్లోకీ, ఇప్పుడు మన కంప్యూటర్ ఫాంట్లలోకీ వచ్చి చేరింది.

బ్లాక్‌లెటర్ చిన్న అక్షరాల నిర్మాణం దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. వెడల్పు పాళీతో, పక్కపక్కనే సమాన దూరంలో లాగిన నిలువు గీతలే వాటి వెన్నెముక. పేజీని కాస్త దూరం నుంచి చూస్తే వెదురు దడి కట్టినట్టు కనిపిస్తుంది. ఎం అక్షరానికి మూడు గీతలు, ఎన్‌కు రెండు, యుకు రెండు, ఐకి ఒకటి. లాటిన్‌లో minimum అనే మాట రాస్తే వరసగా పదిహేను నిలువు గీతలు వస్తాయి. ఎక్కడ ఏ అక్షరం ముగిసిందో చెప్పడం ఆనాటి వారికీ కష్టమే. అందుకే ఐ నెత్తిన చిన్న గీటు పెట్టడం మొదలుపెట్టారు. ఇవాళ మనం పెట్టే చుక్కకు మూలం అదే. అంటే చిన్న అక్షరాల బ్లాక్‌లెటర్ కూడా అంచున నడిచే లిపే. అయితే మీదికి లేచే కొమ్ములు, కిందికి దిగే కాళ్లు, ఆ చుక్కలు, అక్షరాల మధ్య సమానమైన ఎడం, ఇవన్నీ కలిసి కంటిని పట్టి నడిపిస్తాయి.

ఆ దడి మధ్యలో వాక్యం ఎక్కడ మొదలైందో తెలియాలంటే పెద్ద అక్షరం దానికి పూర్తి భిన్నంగా ఉండాలి. అందుకని దాన్ని గుండ్రంగా, వెడల్పుగా గీశారు. నిలువు గీతను రెండుగా చీల్చారు. మధ్యలో వెంట్రుక మందం గీతలు, వజ్రాల్లాంటి ముడులు పెట్టారు. చిన్న అక్షరాల పక్కన అది చేయాల్సిన పని చక్కగా చేసింది. అలాంటివి ఎనిమిది వరసగా పేర్చితే భిన్నంగా కనిపించడానికి పక్కన సాదా అక్షరం ఏదీ మిగలదు. కొమ్ములూ కాళ్లూ పోతాయి, అన్నీ ఒకే ఎత్తు. ప్రతి అక్షరమూ లోపల నాలుగైదు గీతలు నింపుకుని ఉంటుంది గనుక, అక్షరం లోపలి ఖాళీ, రెండు అక్షరాల మధ్య ఖాళీ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాన్ని పక్క అక్షరం నుంచి వేరు చేసే పని కంటి మీద పడుతుంది.

అక్షరాలు ఒకదాన్నొకటి పోలి ఉండటం దీనికి తోడవుతుంది. బ్లాక్‌లెటర్ కుటుంబంలో జర్మనీవారు ఎక్కువగా వాడింది ఫ్రాక్టూర్. పదహారో శతాబ్దం మొదట్లో మాక్సిమిలియన్ చక్రవర్తి అచ్చువేయించిన పుస్తకాలతో అది వ్యాపించింది. ఆ అక్షరాల్లో మన కార్డులోని పెళ్లికొడుకు పేరు VIJAY అని అన్నీ పెద్దవిగా కొట్టి చూద్దాం. మొదటిది వి. ఫ్రాక్టూర్‌లో వి, బి దాదాపు కవలలు. తేడా అంతా కుడిచేతి గీత మధ్యలో నొక్కు ఉందా లేదా అన్నదే. తర్వాత ఐ, జె. ఫ్రాక్టూర్‌లో ఈ రెండింటికీ చాలాకాలం ఒకే పెద్ద అక్షరం వాడారు. ఇప్పటి ఫాంట్లలో వేరు చేసినా, జె కాలు కొద్దిగా కిందికి దిగడం తప్ప తేడా ఉండదు. నాలుగోది ఎ. మనం ఎదురుచూసే కోసు శిఖరం దానికి లేదు, పైన తెరుచుకున్నట్టుండి యులా కనిపిస్తుంది. కాబట్టి అలవాటు లేని కన్ను ఆ పేరును బి, జె, జె, యు, వై అని చదువుతుంది. అలాంటి మాట ఏ భాషలోనూ లేదు గనుక అక్కడే ఆగిపోతుంది. అదే పేరు Vijay అని కొడితే మొదటి అక్షరం ఒక్కటే అనుమానం. చుక్కలున్న ఐ, జె, తెలిసిన రూపంలో ఉన్న ఎ కలిసి పేరు చెప్పేస్తాయి, ఆ పేరు వెనక్కి వచ్చి మొదటి అక్షరం వి అని తేల్చేస్తుంది. సి, ఇ, జి, ఎస్ అనే నాలుగూ ఇలాగే ఒక గుంపు. కె, ఎన్, ఆర్ మరో గుంపు. మన పేర్లలో ఇవి ఎంత తరచుగా వస్తాయో చెప్పక్కర్లేదు.

ఈ లిపితో రోజూ బతికిన జర్మన్ ముద్రాపకులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఫ్రాక్టూర్‌లో ఒక మాటను నొక్కి చెప్పాలంటే దాన్ని పెద్ద అక్షరాల్లోకి మార్చేవారు కాదు. ఏటవాలు అక్షరాలు ఆ లిపికి లేవు. మాటలోని అక్షరాల మధ్య సన్నని సీసపు ముక్కలు పెట్టి ఎడం పెంచేవారు. అందులోనూ సి-హెచ్, సి-కె, టి-జెడ్ లాంటి జంటలను విడదీయకూడదన్న నియమం ఉండేది. అన్నీ పెద్ద అక్షరాల్లో వేసిన మాట నాకు గుర్తున్నంతలో ప్రముఖంగా ఒక్కటే: లూథర్ బైబిల్‌లో ప్రభువు అనే అర్థంలో వచ్చే HERR. నాలుగే అక్షరాలు, పేజీ పేజీలోనూ ఎదురయ్యే మాట. చదవనక్కర్లేకుండానే గుర్తుపట్టగలిగిన చోట మాత్రమే వాళ్లు ఆ స్వేచ్ఛ తీసుకున్నారు.

అలవాటు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం దాకా జర్మన్ పిల్లలు ఫ్రాక్టూర్‌లోనే కథలు చదివారు, వార్తాపత్రికలు చదివారు. 1941 జనవరి 3న నాజీ ప్రభుత్వం తరఫున మార్టిన్ బోర్మాన్ జారీ చేసిన సర్క్యులర్‌తో ఆ లిపి వాడకం ఆపేయమన్నారు. అది యూదుల అక్షరమని అందులో చేసిన ఆరోపణకు ఏ ఆధారమూ లేదు. ఆ కాగితం శిరోభాగం మాత్రం బ్లాక్‌లెటర్‌లోనే అచ్చయి ఉంది. ఆ తర్వాత పెరిగిన తరాలకు తాతల పుస్తకాలు కూడబలుక్కుని చదవాల్సినవి అయ్యాయి. లిపి మారలేదు, సాధన పోయింది. బ్లాక్‌లెటర్ చిన్న అక్షరాల విషయంలో ఇవాళ మనకు కొద్దిపాటి సాధన అయినా ఉంది, వాటిలో చాలావాటి రూపం మామూలు అక్షరాలకు దగ్గరగానే ఉంటుంది. పెద్ద అక్షరాల వరసను చదివే సాధన మాత్రం ఆ లిపి వెలిగిన రోజుల్లో జర్మన్లకు కూడా లేదు. ఎవరూ అలా రాయలేదు గనుక.

కన్ను ఎక్కడ కష్టపడుతుందో కొలిచిన పరిశోధన ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీలో డెనిస్ పెల్లి, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన పనిలో అక్షరం సంక్లిష్టతకు ఒక లెక్క వాడారు. అక్షరం అంచుల మొత్తం పొడవును దానితోనే గుణించి, సిరా పరుచుకున్న వైశాల్యంతో భాగిస్తారు. సాదా గీతల అక్షరానికి ఈ సంఖ్య చిన్నది, మెలికలు పెరిగేకొద్దీ పెద్దది. అక్షరాన్ని గుర్తుపట్టడంలో మన సామర్థ్యం ఆ సంఖ్య పెరిగిన కొద్దీ తగ్గుతుందని వాళ్లు చూపించారు. కన్ను అక్షరాన్ని ఒక్క ముద్దగా పట్టుకోదని, చిన్న చిన్న భాగాలను విడివిడిగా పసిగట్టి కలుపుకుంటుందని దీని అర్థం. భాగాలు ఎక్కువైతే పసిగట్టాల్సిన పనీ ఎక్కువే. కొత్త లిపినైనా కొన్ని వేలసార్లు చూపిస్తే పెద్దవాళ్లు కూడా అక్షరాలు గుర్తించడంలో ఆ లిపిని చిన్నప్పటి నుంచి చదివినవారి స్థాయికి చేరారని కూడా అందులోనే తేలింది. పెళ్లి కార్డును మనం చూసేది ఒక్కసారి. ఆ వేలసార్లు మనకు ఎవరిస్తారు?

ఇక స్క్రిప్ట్ ఫాంట్ల దగ్గరికి వద్దాం. కార్డుల మీద కనిపించే ఎడ్వర్డియన్ స్క్రిప్ట్, కుయెన్‌స్ట్లర్ స్క్రిప్ట్ లాంటివన్నీ పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఇంగ్లిష్ గుండ్రటి చేతిరాత సంతతి. కోసు పాళీని నొక్కితే లావు గీత, తేలికగా లాగితే వెంట్రుక గీత. చిన్న అక్షరాలు ప్రతిదీ ఒకే ఎత్తులో తోక చాచి పక్కదాని చెయ్యి పట్టుకుంటాయి. ఫాంటు తయారుచేసేవాళ్లు రోజుల తరబడి శ్రమపడేది ఆ అతుకు కనబడకుండా చేయడానికే. పెద్ద అక్షరాలకు ఈ అతుకు పెద్దగా లేదు. అవి ఎడమవైపు గాలిలో చుట్టు తిరిగి మొదలవుతాయి, కుడివైపు తర్వాతి చిన్న అక్షరం మీదుగానో కిందుగానో తోక పరుస్తాయి. అక్కడ చిన్న అక్షరం ఉంటుందన్న నమ్మకంతోనే ఆ తోకకు అంత చోటు ఇచ్చారు.

LAKSHMI అని అన్నీ పెద్దవిగా కొట్టినప్పుడు ఆ నమ్మకం చెదురుతుంది. ఎల్ అక్షరం పైన చుట్టు తిరిగి, వంపుగా దిగి, అడుగున చిన్న ముడి వేసుకుని కుడికి తోక చాస్తుంది. ఆ తోక పోయి ఎ కాలికి తగులుతుంది. కె మొదలయ్యేటప్పుడు ఎడమవైపు వేసే చుట్టు ఎ నడుములోకి దూరుతుంది. తర్వాత ఎస్. అది పైన చుట్టు తిరిగి వంపుగా దిగేదాకా ఎల్ లాంటిదే, చివర్లో కుడికి పోకుండా ఎడమకు ముడుచుకుంటుంది. ఆ చివరి మలుపు కె కాలి తోకతో కలిసిపోతే ఎస్ అని చెప్పే గుర్తే పోయినట్టు. హెచ్ ఎడమ సగం, కె ఎడమ సగం ఒకటే గీత. ఆఖరి ఐ అదే వంపు నిలువు గీతకు పైన ఒక చుట్టు. గుండ్రటి రాతలో ఈ వంపు గీతే సగం పెద్ద అక్షరాలకు మూలం. టి, ఎఫ్, జె, పి, బి, ఆర్ కూడా దాన్నుంచే పుడతాయి. లావుగా, నల్లగా కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే భాగం అన్నింటికీ సమానం. ఒకదాన్ని మరొకదాని నుంచి వేరు చేసే భాగం వెంట్రుక గీతలో ఉంది. కంటికి ముందుగా చేరేది అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదే, అసలు సమాచారం వెనకబడుతుంది.

అచ్చులోకి వెళ్లేసరికి ఆ సన్న గీతకు ఇంకో గండం. బంగారు రేకు వేడిగా అద్దేటప్పుడు సన్న గీతలు అక్కడక్కడా తెగుతాయి, ఇరుకు సందులు రేకుతో పూడిపోతాయి. ముదురు రంగు కార్డు మీద లేత రంగు అక్షరాలు వేసినా ఇదే జరుగుతుంది, చుట్టూ ఉన్న సిరా సన్న గీతలోకి పాకుతుంది. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు ఇవేవీ తెలియవు. కార్డు అసలు సైజులో ఒక కాగితం మీద ప్రింట్ తీసి, పెళ్లివారి పేర్లు తెలియని మనిషికి చూపించి చదవమంటే రెండు క్షణాల్లో తేలిపోతుంది. పేర్లు తెలిసినవారికి చూపిస్తే లాభం లేదు. ప్రూఫ్ చూసే పెళ్లివారు ఇక్కడే పొరపడతారు. వాళ్ల మనసు ముందే పేరు చెప్పేస్తుంది, కన్ను ఊరికే తల ఊపుతుంది.

మన దగ్గర ఈ సమస్య ఎక్కువగా కనిపించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మన రికార్డుల్లో పేర్లు పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి. పదో తరగతి మార్కుల మెమో మొదలు దరఖాస్తు ఫారాల దాకా అన్నీ విడివిడి క్యాపిటల్ అక్షరాల్లో పూరించమంటాయి. అక్కడ అది సరైన పద్ధతే. చేతిరాతలో కలిసిపోయే చిన్న అక్షరాలకంటే గళ్లలో విడిగా రాసిన సాదా పెద్ద అక్షరాలు గుమస్తాకి స్పష్టంగా కనిపిస్తాయి. చిక్కు తర్వాత వస్తుంది. బడిలో ఎక్సెల్ జాబితాలో ఉన్న ఆ పేర్లనే నేరుగా ప్రశంసాపత్రంలోకి తెచ్చి, "పత్రం కదా, గ్రాండ్‌గా ఉండాలి" అని ఓల్డ్ ఇంగ్లిష్ ఫాంటు పెడతారు. మూడు వందల మంది పిల్లల పేర్లు ఒక్క నొక్కుతో నల్లటి చిక్కుముడులవుతాయి. కష్టపడి బహుమతి తెచ్చుకున్న పిల్లవాడి పేరు, గోడకు తగిలించిన పత్రంలో ఇంటికొచ్చిన చుట్టానికి చదవరాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పత్రం ఉన్నదే ఆ పేరు కోసం.

దిద్దుకోవడం తేలిక. వర్డ్‌లో పేరును ఎంచుకుని Shift+F3 నొక్కుతూ పోతే పెద్ద, చిన్న రూపాలు మారుతూ మొదటి అక్షరం మాత్రమే పెద్దగా ఉన్న రూపమూ వస్తుంది. ఎక్సెల్‌లో పేర్లన్నీ ఏ నిలువు వరసలో ఉంటే, పక్క వరసలో ఈ సూత్రం రాసి కిందిదాకా లాగితే చాలు:

```
=PROPER(A2)
```

మన పేర్ల దగ్గర దీనికి ఒక లోపం ఉంది, చూసుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరాల మధ్య చుక్కలుంటే, అంటే K.V.S. RAO అని ఉంటే అది K.V.S. Rao అని సరిగ్గా మారుస్తుంది. చుక్కలు లేకుండా KVS RAO అని ఉంటే Kvs Rao చేసేస్తుంది. కాబట్టి సూత్రం వేశాక జాబితా మొత్తం ఒకసారి కంటితో చూసి, పొడి అక్షరాలను చేత్తో సరిచేయక తప్పదు. పొడి అక్షరాలు రెండు మూడు వరసగా పెద్దవి వచ్చినా ఇబ్బంది తక్కువే, పక్కనే చిన్న అక్షరాల్లో పేరు ఉంటుంది.

పెద్ద అక్షరాల మాటంటే అన్నీ చెడ్డవే అనుకోకూడదు. సాదా ఫాంటులో పెద్ద అక్షరాలు దూరానికీ, చూపు మందగించినవారికీ నిజానికి మేలు చేస్తాయి. ఒకే పాయింటు సైజులో చిన్న అక్షరాలకంటే అవి పెద్దగా ఉంటాయి. ఆర్డిటి, చో అనే పరిశోధకులు 2007లో దీన్ని చూపించారు. పెద్ద పాఠమంతా అలా వేస్తే చదివే వేగం తగ్గుతుందన్నది కూడా నిజమే, అది చాలావరకు అలవాటు లోపం. సినిమా పోస్టర్ల మీద ఎక్కువగా కనిపించే ట్రాజన్ ఫాంటును కారల్ ట్వాంబ్లీ 1989లో మనం చెప్పుకున్న ఆ రోమన్ స్తంభం అక్షరాలు చూసే గీశారు. ఆ మొదటి రూపంలో చిన్న అక్షరాలే లేవు. కార్డు మీద పేర్లు అన్నీ పెద్ద అక్షరాల్లోనే కావాలని పెళ్లివారు పట్టుబడితే డీటీపీ ఆపరేటర్ ఇలాంటి ఫాంటు చూపించి, అక్షరాల మధ్య కొంచెం ఎడం పెంచి ఇస్తే హుందాగానూ ఉంటుంది, చదవనూ వస్తుంది.

మరి బ్లాక్‌లెటర్, స్క్రిప్ట్ ఎక్కడ రాణిస్తాయి? అందరికీ తెలిసిన ఉదాహరణ న్యూయార్క్ టైమ్స్ పత్రిక పేరు. 1851లో మొదలైన ఆ పత్రిక ఇప్పటికీ తన పేరు బ్లాక్‌లెటర్‌లోనే వేసుకుంటుంది. నాలుగు మాటలు, నాలుగు పెద్ద అక్షరాలు, పదకొండు చిన్న అక్షరాలు. పెద్దవి నాలుగూ ఒకదానికొకటి దూరంగా, ప్రతిదాని వెనకా దాన్ని గుర్తుపట్టించే చిన్న అక్షరాల వరస. పేజీ వెడల్పులో సగానికి పైగా ఆక్రమించే సైజు. పైగా రోజూ చూసే పేరు, కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు. పేరు చివర ఉండే ఫుల్‌స్టాప్‌ను 1967లో తీసేశారు గానీ అక్షరాల తరహా జోలికి పోలేదు. లోపలి వార్తల్లో మాత్రం ఒక్క వాక్యమూ ఆ అక్షరాల్లో ఉండదు. వాషింగ్టన్ పోస్ట్, లండన్ డైలీ టెలిగ్రాఫ్ చేసేదీ అదే. స్క్రిప్ట్‌కు కోకా-కోలా ఉంది. 1886లో ఆ కంపెనీ లెక్కలు రాసే ఫ్రాంక్ రాబిన్సన్ ఆనాటి వ్యాపార చేతిరాతలో పేరు పెట్టి రాశాడు. రెండు సి అక్షరాలు మాత్రమే పెద్దవి, వాటి తోకలు పరుచుకోవడానికి చుట్టూ ఆరు చిన్న అక్షరాలిచ్చిన చోటు ఉంది.

ఒక్క అక్షరమే ఉన్నచోట ఈ శైలులకు తిరుగులేదు. చేతిరుమాలు మూల కుట్టిన పేరు తొలి అక్షరం, పుస్తకంలో అధ్యాయం మొదట్లో మూడు పంక్తుల ఎత్తున నిలిచే అక్షరం ఇలాంటివే. గణితంలో ఇంకా చక్కని వాడకం ఉంది. లీ గ్రూపును మామూలు G తో రాస్తే, దాని బీజగణితాన్ని ఫ్రాక్టూర్ చిన్న అక్షరం 𝔤 తో రాస్తారు. ఒకే పేరు, రెండు వేర్వేరు వస్తువులు, అక్షరం తీరే తేడా చెబుతుంది. ఇందుకోసమే యూనికోడ్‌లో గణిత చిహ్నాలుగా ఫ్రాక్టూర్ అక్షరాలు చేర్చారు. కుర్రకారు ఇన్‌స్టాగ్రామ్‌లో పేర్లు బ్లాక్‌లెటర్‌లో పెట్టుకునేది వీటితోనే. వాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. అవి కంప్యూటర్ లెక్కలో మామూలు అక్షరాలు కావు, గణితం కోసం విడిగా చేర్చినవి. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కోటీ ఒక గణిత చిహ్నం పేరుగా పలుకుతుంది, లేదంటే దాటేస్తుంది. మామూలు అక్షరాలతో పేరు వెతికినవారికి ఆ ఖాతా దొరకకపోవచ్చు కూడా.

ప్రశంసాపత్రంలోనూ బ్లాక్‌లెటర్‌కు చోటుంది. సర్టిఫికెట్ అన్న శీర్షిక ఒక్క మాట, మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి, 36 పాయింట్లకు తగ్గకుండా వేస్తే పత్రానికి నిండుదనం వస్తుంది. ఆ మాట ఎవరూ చదవరు, చూసి తెలుసుకుంటారు. పిల్లల పేరు, తరగతి, తేదీ మామూలు ఫాంటులో ఉండాలి.

అన్నీ పెద్ద అక్షరాలతో బ్లాక్‌లెటర్ బతుకుతున్న చోటు కూడా ఒకటుంది. లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడిన మెక్సికన్ మూలాల కుర్రకారు దశాబ్దాలుగా గోడల మీద తమ వాడ పేరు, స్నేహితుల పేర్లు ఓల్డ్ ఇంగ్లిష్ నుంచి పుట్టిన పెద్ద అక్షరాల్లోనే రాస్తూ వచ్చారు. ఆ రాతను చిత్రశాలల దాకా తీసుకెళ్లినవాడు చాజ్ బొహోర్కెస్. అదే తరహా పచ్చబొట్లలోకి, పాటల ఆల్బమ్‌ల అట్టల మీదికి వచ్చింది. అక్కడ పని చేసేది ఫాంటు కాదు, మనిషి చెయ్యి. రెండు అక్షరాలు ఢీకొనే చోట ఒకదాని గీత కత్తిరిస్తారు, లోపలి వెంట్రుక గీతలు తీసేస్తారు, కింద చోటు చాలకపోతే కాలు పొట్టి చేస్తారు, పేరు పొడవును బట్టి ప్రతి అక్షరం వెడల్పు మళ్లీ కొలుస్తారు. చదవాల్సినవాళ్లు ఆ వీధివాళ్లే, చిన్నప్పటి నుంచి ఆ గోడలు చూస్తూ పెరిగినవాళ్లు. దాన్ని చూసి ముచ్చటపడి ముంజేతి మీద పేరు పొడిపించుకోవాలనుకునే మన కుర్రాడు, కంప్యూటర్‌లో ఓల్డ్ ఇంగ్లిష్ ఎంచుకుని క్యాప్స్ లాక్ నొక్కి తీసిన ప్రింటు కాకుండా, ఆ పేరును చేత్తో గీసి ఇవ్వగల పనివాడిని వెతుక్కోవాలి. సూది తీసే ముందు ఆ గీతను తన పేరు తెలియని ఎవరికైనా చూపించి చదివించుకోవాలి.